సాయంత్రం ఐదున్నర బొమ్మ

ఊళ్లో గ్రంథాలయం కట్టడానికి డబ్బు అడగబోయే యువ ఆర్కిటెక్ట్ చేతిలో సాధారణంగా ఒకే ఆయుధం ఉంటుంది. దాని పేరు రెండర్. ఇంకా పునాది కూడా తియ్యని భవనాన్ని కట్టేసినట్టు, దాని మీద ఎండ పడుతున్నట్టు, లోపల పిల్లలు కూర్చుని చదువుకుంటున్నట్టు కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మ అది. అపార్ట్‌మెంట్లు అమ్మే హోర్డింగుల మీద రోజూ మనకు కనిపించేది అదే. డబ్బిచ్చే కమిటీలో ప్లాను చదవగలిగినవాళ్లు ఒక్కరున్నా గొప్పే కాబట్టి అందరూ చూసేది ఆ బొమ్మనే, నిర్ణయం కూడా చాలావరకు దాన్ని చూసే జరుగుతుంది. పది నిమిషాల ప్రసంగం ఆ బొమ్మకు కాపలా కాస్తుందా, లేక దాన్ని విప్పి చూపిస్తుందా అన్నదే అసలు విషయం.

ఒక సందర్భం ఊహించుకుందాం. ఆర్కిటెక్టూ ఊరూ కల్పితమే గానీ కొలతలు, ఎండ లెక్కలు, చట్టాలు నిజమైనవి. ఊరు కృష్ణా డెల్టాలో ఉంది. నల్లరేగడి నేల, వానాకాలంలో వీధిలో మోకాలి లోతు నీళ్లు. పంచాయతీ ఇస్తానన్న స్థలంలో 2,000 చదరపు అడుగుల గ్రంథాలయం కట్టాలి. బల్లకు అటువైపు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ అధికారి, అదే కంపెనీ ఫైనాన్స్ మేనేజరు, రిటైరైన హెడ్మాస్టరుగారు కూర్చున్నారు. ఆ ఊరి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒక దాత తెర మీద ఉన్నారు. బల్లకు ఇటువైపు ఐదేళ్ల బీఆర్క్ చదువు పూర్తిచేసి రెండేళ్లయిన అమ్మాయి నిలబడింది.

మొదటి బొమ్మ తెర మీదకు రాగానే అందరి ముఖాలూ విప్పారాయి. పొడవైన చదువుల గది, పడమటి గోడ నిండా కిటికీలు, బల్లల మీద పరుచుకున్న బంగారు రంగు ఎండ. ఆ అమ్మాయి కాసేపు చూడనిచ్చి మొదలుపెట్టింది.

“నమస్కారమండీ. ఈ బొమ్మ నాకూ నచ్చింది. కానీ ఈ గ్రంథాలయం కట్టొద్దని చెప్పడానికే దీన్ని మీకు చూపించాను. ఇది మే నెల, సాయంత్రం ఐదున్నర. మన ఊళ్లో పిల్లలు చదువుకోడానికి వచ్చే వేళ అదే. పొద్దున పేపరు చదవడానికి పెద్దవాళ్లు వస్తారు, సాయంత్రం గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లు వస్తారు. ఈ ఎండలో వాళ్లు పావుగంట కూడా కూర్చోలేరు.”

ఇలా మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి. దాని వెనక లెక్క మాత్రం హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. కృష్ణా డెల్టా సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు నేల నుంచి 27 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మన మేస్త్రీలు కిటికీల మీద అలవాటుగా వేసే రెండడుగుల సన్‌షేడ్ ఆ వేళకు పడమటి గోడ మీద వేసే నీడ ఒక్క అడుగు. ఐదున్నరకు సూర్యుడు 13 డిగ్రీలకు దిగిపోతాడు, అప్పుడు నీడ ఆరంగుళాలే. నాలుగడుగుల కిటికీలో మూడున్నర అడుగులు ఎండలోనే ఉంటుంది. అదే సన్‌షేడ్ దక్షిణపు గోడ మీద డిసెంబరు మధ్యాహ్నం దాదాపు రెండున్నర అడుగుల నీడ ఇస్తుంది. దక్షిణాన సరిపోయేది పడమర ఎందుకూ కొరగాదు. ఇంటికి నాలుగు వైపులా ఒకే కొలత సన్‌షేడ్ వేసే అలవాటు ఎక్కడిదో గానీ, గ్రంథాలయంలో దానికి మూల్యం చెల్లించేది చదువుకునేవాళ్లు.

రెండర్లో ఇంకో చిక్కుంది. ఆర్కిటెక్టులు భవనం నమూనాను స్కెచప్, రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో కడతారు. తర్వాత లూమియన్, వీ-రే, ఎన్‌స్కేప్ లాంటివాటిలో వెలుగూ రంగులూ అద్దుతారు. సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి: ఏ ఊరు, ఏ నెల, ఎన్ని గంటలు, ఉత్తరం ఎటు. చెప్పకపోతే తనకు తోచిన చోటే పెట్టుకుంటుంది. స్కెచప్‌లో చాలాకాలం ఆ చోటు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో బౌల్డర్ అనే ఊరు. అది 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 27 డిగ్రీలకు మించి లేవడు కాబట్టి ఎండ గది లోపలికంటా పొడవాటి చారలుగా వస్తుంది, బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. మన దగ్గర అదే రోజు అదే వేళకు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఆ చారల్లో సగం కూడా రావు.

ఉత్తరం వైపు తేడా ఇంతకన్నా పెద్దది. బౌల్డర్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. డెల్టాలో మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. “ఉత్తరపు కిటికీలకు ఎండ రాదు, నీడ అక్కర్లేదు” అని పుస్తకాల్లో చదివిన మాట ఆ మూడు నెలలూ మన దగ్గర చెల్లదు. కమిటీలో కూర్చున్నవాళ్లకు ఇవేవీ తెలియనక్కర్లేదు. బొమ్మలో ఉత్తరం ఎటు, ఇది ఏ నెల, ఎన్ని గంటలు అని అడిగితే చాలు. వెంటనే సమాధానం వస్తే ఆ బొమ్మ వెనక లెక్క ఉంది. తడబడితే ఆ ఎండ అలంకారం.

రెండో బొమ్మ వచ్చింది. మొదటిదానంత మెరుపు లేదు.

“ఇదీ మే నెల ఐదున్నరే. పడమటి వైపు మరుగుదొడ్లు, పాత పేపర్ల గది, ఎనిమిదడుగుల వసారా పెట్టాను. వసారాకు అడ్డంగా ఇటుక జాలీ వచ్చింది. చదువుల గది తూర్పుకు జరిగింది. ఉత్తరపు కిటికీలకు పక్కల నిలువు పలకలు పెట్టాను, జూన్‌లో పొద్దునా సాయంత్రం వచ్చే ఏటవాలు ఎండను అవి ఆపుతాయి. ఏసీ లేదు, ఫ్యాన్లున్నాయి. బొమ్మలో ఫ్యాన్లు కనిపిస్తున్నాయి చూడండి.”

ఫ్యాన్లు చూపించడం చిన్న విషయం కాదు. అమ్మకానికి తయారుచేసే రెండర్లలో ఫ్యాను, కరెంటు తీగ, వాననీటి గొట్టం, నీళ్ల ట్యాంకు, చెత్తబుట్ట ఉండవు. పెళ్లిచూపుల ఫొటో లాంటిదే అది, అబద్ధం చెప్పదు గానీ అన్నీ చెప్పదు. గది వైశాల్యం విషయంలో మాత్రం అబద్ధమే చెప్పగలదు. బొమ్మను చాలా వెడల్పాటి లెన్సుతో తీస్తే ఇరవై అడుగుల గది కల్యాణ మండపంలా కనిపిస్తుంది. కనిపెట్టే ఉపాయం నేల మీదే ఉంటుంది. టైలు రెండడుగులదైతే గోడ నుంచి గోడకు ఎన్ని టైళ్లున్నాయో లెక్కపెట్టాలి. కుర్చీలు కూడా లెక్కపెట్టాలి. చదివే మనిషి ఒక్కరికి బల్ల, కుర్చీ, నడిచే దారి అన్నీ కలిపి దాదాపు 25 చదరపు అడుగులు పడుతుంది. ముప్ఫై అడుగులకు ఇరవై గదిలో 24 మంది కూర్చోవచ్చు. ఆ అమ్మాయి బొమ్మలో ఉన్నది సరిగ్గా 24 కుర్చీలే. హెడ్మాస్టరుగారు లెక్కపెట్టారు కూడా.

తర్వాత బయటి దృశ్యం. ఇక్కడ కమిటీ కాస్త నిరాశపడింది. ఎదురుగా గుడి మెట్లలా విశాలమైన మెట్లు వస్తాయనుకుంటే, ముఖద్వారం ముందంతా ఒక ర్యాంపు ఉంది.

“వీధిలో వరద నీళ్లు నిలిచే ఎత్తు చూసి అరుగు మూడడుగులు లేపాను. చక్రాల కుర్చీ తనంతట ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. మూడడుగులకు ముప్ఫై ఆరు అడుగులు. దాన్ని పద్దెనిమిదేసి అడుగుల రెండు ముక్కలు చేసి, మధ్యలో మళ్లడానికి చదును పెట్టాను. వెనకాల ఎక్కడో పెడితే ఎవరూ వాడరు. అందుకే అందరూ ఎక్కే దారే అది చేశాను. పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుని పేపరు చదువుకోవచ్చు.”

పాఠకులు తమ ఊరి కొత్త ఆఫీసుల ముందు ర్యాంపులను ఒకసారి అడుగులతో కొలిచి చూడాలి. మూడడుగుల అరుగుకు పదడుగుల ర్యాంపు కనిపిస్తే అది నియమం కోసం కట్టినదే. దాని మీద చక్రాల కుర్చీని ఇద్దరు పట్టుకుని తోయాలి, దించేటప్పుడు భయంతో దించాలి. బొమ్మల్లో ర్యాంపు పొట్టిగా ఉండటానికి కారణం కూడా సులువే. సరైన పొడవు పెడితే ముఖద్వారం అందం చెడుతుందని ఆర్కిటెక్టు భయం. ఆ పొడవును మొదటి రోజే డిజైనులో కలుపుకున్నవాళ్లకు ఆ భయం ఉండదు.

ప్రశ్నల వేళ వచ్చింది. ఫైనాన్స్ మేనేజరుగారు తెలివైన మనిషి. “ఎలాగూ ఇంత ఖర్చు పెడుతున్నాం కదమ్మా, పైన ఇంకో అంతస్తు వేసి పుస్తకాలు అక్కడ పెట్టేస్తే, కింద హాలు ఫంక్షన్లకు అద్దెకిచ్చుకోవచ్చు. నడిపే ఖర్చు దాన్నుంచే వస్తుంది,” అన్నారు.

ఈ సలహా ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు ఇస్తారు. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

“సార్, పుస్తకం చాలా బరువైన వస్తువు. ఇంటి స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోసేలా లెక్కగడతాం. పుస్తకాల ర్యాకులుండే గదికి భారత ప్రమాణాల సంస్థ నియమం 600 కిలోలు. అదీ ర్యాకుల గది ఎత్తు ఏడడుగుల పైచిలుకు ఉంటేనే, ఎత్తు పెరిగితే అంకె ఇంకా పెరుగుతుంది. మూడు రెట్ల బరువు పైకెత్తితే బీములు, స్తంభాలు, పునాది అన్నీ లావెక్కాలి. కింద నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నేల. బొమ్మలో కనిపించని ఖర్చంతా అక్కడుంది. పుస్తకాలు నేల మీద ఉంటే ఆ బరువు నేరుగా నేలే మోస్తుంది. పైగా మెట్లెక్కలేనివాళ్లే పొద్దున్నే వచ్చే పాఠకులండీ.”

ఇళ్ల కోసం కట్టిన మేడల మీద తర్వాత గ్రంథాలయాలు పెట్టినచోట జరిగేది ఇదే. ముందు కింది గదిలో బీము అడుగుభాగాన, సరిగ్గా మధ్యలో, వెంట్రుకవాసి నిలువు పగుళ్లు వస్తాయి. తర్వాత స్లాబు మధ్య కాస్త దిగి, కింద ఉన్న అల్మారా తలుపులు పట్టేస్తాయి. ఎవరో సున్నం పూసి కప్పేస్తారు. ఆ దశలో చెయ్యాల్సింది సున్నం వెయ్యడం కాదు, ర్యాకులను గోడల పక్కకు, స్తంభాల దగ్గరకు జరిపి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవడం.

కట్టేముందు బొమ్మ మారిపోవడం అన్నిసార్లూ చెడ్డదేం కాదు. ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో షావు అనే ఆర్కిటెక్టుల సంస్థ 2016లో ఒక చిన్న గ్రంథాలయం కట్టింది. గోడలకు తెల్లని ప్లాస్టిక్ డబ్బాలు వాడాలనుకుంటే సరిపడా దొరకలేదు. ఎవరో పెద్దమొత్తంలో అమ్ముతున్న వాడేసిన ఐస్‌క్రీం డబ్బాలు దొరికాయి. దాదాపు 2,000 డబ్బాలను వాన లోపలికి కొట్టకుండా బయటికి వాల్చి బిగించారు, కొన్నిటి అడుగులు కోసేసి గాలికి దారిచ్చారు. భవనానికి పేరు తెచ్చింది ఆ డబ్బాలే. డిజైనుకు మూలమైన కారణాలు, అంటే నీడ, గాలి, వాన, చెక్కుచెదరకుండా ఉంటే వస్తువు మారినా ఫరవాలేదు. డబ్బిచ్చేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఏది మారొచ్చో, ఏది మారకూడదో ముందే చెప్పి ఉంచడం అందుకే అవసరం. మా అమ్మాయి చెప్పింది: జాలీ ఇటుక బదులు సిమెంటుది రావచ్చు, టైలు మారొచ్చు, వసారా వెడల్పు మాత్రం అంగుళం తగ్గకూడదు. ఖర్చు తగ్గించాల్సి వస్తే కాంట్రాక్టరు ముందు కోసేది వసారానే అని ఆమెకు తెలుసు.

ఇక డబ్బు. కట్టడానికి చదరపు అడుగుకు 2,200 చొప్పున 44 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 7 లక్షల 92 వేలు, ర్యాకులు, బల్లలు, పుస్తకాలు 8 లక్షలు, డిజైనూ పర్యవేక్షణా 3 లక్షలు, అనుకోని ఖర్చులకు 2 లక్షల 20 వేలు. మొత్తం 65 లక్షల పైచిలుకు. చాలా ప్రసంగాల్లో 44 లక్షలే వినిపిస్తుంది. మిగతా 21 లక్షలు కట్టడం సగంలో ఉండగా బయటపడతాయి, అప్పుడు అందరూ ఆర్కిటెక్టు ముఖం చూస్తారు.

దీనికన్నా గట్టి ప్రశ్న సీఎస్‌ఆర్ అధికారి వేశారు: “భవనం ఎవరి పేరు మీద ఉంటుంది?” 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చుకు అనుమతి ఉన్న పనుల జాబితాలో ప్రజా గ్రంథాలయాల స్థాపన పేరుతో సహా ఉంది. అయితే 2021 నుంచి, అలా కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. రిజిస్టరైన ధర్మసంస్థకో, స్వయంసహాయక బృందాల లాంటి లబ్ధిదారుల సంఘాలకో, ప్రభుత్వ సంస్థకో చెందాలి. ఆమె పంచాయతీ తీర్మానం కాపీ బల్ల మీద పెట్టింది. ఇది ఆర్కిటెక్టు పనా అని అడగొచ్చు. కాదు. కానీ ఆ కాగితం లేకపోతే కమిటీ ఫైలు అక్కడే ఆగిపోతుంది, బొమ్మ ఎంత బాగున్నా సరే.

తెర మీద ఉన్న దాతగారి విషయంలో ఇంకో ముడి ఉంది. ఆయన భారతీయ పాస్‌పోర్టుతోనే ఉంటే తన సంపాదన నుంచి ఊరి ట్రస్టుకు నేరుగా ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం అవుతుంది. అప్పుడు ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఊరి మీద ప్రేమతో తొందరపడి స్నేహితుల ఖాతాల ద్వారా పంపేవాళ్లు ట్రస్టును చిక్కుల్లో పెడతారు.

ఆమె చివరి స్లైడులో బొమ్మ లేదు, ఒక అంకె ఉంది: ఏడాదికి 3 లక్షలు. “గ్రంథపాలకుడికి నెలకు 15 వేలు. ఏడాదికి లక్షా ఎనభై వేలు. కరెంటు, పేపర్లు, శుభ్రం, మరమ్మతులు, కొత్త పుస్తకాలు కలిపి ఇంకో లక్షా ఇరవై. ఇది లేకపోతే నేను గీసినది తాళం వేసిన గది అవుతుంది.”

ఇక్కడే అసలు కిటుకు. కంపెనీ ఒక పనిని మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లకు మించి ఒకే ప్రాజెక్టుగా కొనసాగించలేదు. పోనీ పెద్ద మొత్తం బ్యాంకులో వేసి వడ్డీతో నడుపుకోమందామంటే, అలా మూలనిధికి ఇచ్చే డబ్బు ఇప్పుడు సీఎస్‌ఆర్ ఖర్చు కింద చెల్లదు. ఇంటిపన్నుతో పాటు మనందరం కట్టే గ్రంథాలయ సెస్సు, అంటే పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును సకాలంలో జమచెయ్యకపోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ పాత రోగమే. దాని మీద ఆశపెట్టుకునేవాళ్లు ముందుగా గ్రంథాలయ సంస్థ దగ్గర లిఖితపూర్వకమైన ఒప్పందం తీసుకోవాలి.

వ్యక్తులు తమ సొంత డబ్బు ఇచ్చేటప్పుడు మూలనిధి మీద ఆ ఆంక్ష లేదు. బ్యాంకు వడ్డీ 7 శాతం అనుకుంటే ఏటా 3 లక్షలు రావడానికి సుమారు 43 లక్షలు కావాలి. భవనం కట్టే ఖర్చుకు దాదాపు సమానం. సొంత ఊరికి గ్రంథాలయం కట్టించాలనుకునే మిత్రులు చేతిలో ఉన్నదంతా గోడలకు పెట్టవద్దు. 1,000 అడుగులే కట్టండి, మిగిలినది గ్రంథపాలకుడి జీతానికి మూలనిధిగా వెయ్యండి.